డబ్బులు కట్ అయ్యాయా లేదా: పేమెంట్ యాప్‌లో ఎర్రర్ మెసేజ్ ఎలా రాయాలి

పేమెంట్ యాప్‌లో ఏదైనా తేడా కొట్టగానే మనిషికి ముందు వచ్చే ప్రశ్న ఒకటే, నా డబ్బులు కట్ అయ్యాయా లేదా అని. సర్వర్ ఎందుకు ఆగింది, ఏ బ్యాంక్ జవాబివ్వలేదు అనేవి తర్వాతి సంగతి, చాలామందికి అసలు అక్కర్లేని సంగతి. కానీ యాపుల్లో కనిపించే మెసేజులు చూడండి, "ఏదో తప్పు జరిగింది, దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి" అనో "లావాదేవీ విఫలమైంది" అనో ఉంటుంది, ఆ ప్రశ్నకి మాత్రం జవాబుండదు. దాంతో కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి మళ్ళీ నొక్కుతాడు, రెండోసారి కూడా కట్ అవుతాయి, అప్పుడు మొదలవుతుంది అసలు తలనొప్పి.

యాప్‌లో మెసేజులు రాసే పని చేసేవాళ్ళకి, కోడ్ రాసేవాళ్ళకి, తెలుగులోకి మార్చేవాళ్ళకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నా. ఎర్రర్ మెసేజులు అన్ని యాపుల్లోనూ ఉంటాయి గానీ యూపీఐ పేమెంట్ ఒక్కటే తీసుకుంటున్నా, ఎందుకంటే అక్కడ తప్పు మాట వెంటనే జేబుకి తగులుతుంది, పైగా ఊళ్ళో కూరగాయల బండి దగ్గర్నించి అందరూ వాడేది అదే.

ముందు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి, లేకపోతే మెసేజ్ రాయలేం. మీరు పిన్ కొట్టగానే మీ యాప్ ఆ రిక్వెస్టుని ఎన్‌పీసీఐకి పంపిస్తుంది (2016లో యూపీఐని మొదలుపెట్టింది ఈ సంస్థే, మధ్యలో ఉండే స్విచ్ వాళ్ళదే). ఎన్‌పీసీఐ మీ బ్యాంక్‌ని అడుగుతుంది, ఇంత కట్ చెయ్యి అని. బ్యాంక్ పిన్ చూసి, బ్యాలెన్స్ చూసి, కట్ చేసి సరే అంటుంది. అప్పుడు ఎన్‌పీసీఐ అవతలి బ్యాంక్‌కి చెప్తుంది, ఇంత జమ చెయ్యి అని. వాళ్ళు జమ చేసి సరే అన్నాక ఆ మాట తిరిగొచ్చి మీ స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్ పడుతుంది. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది కాబట్టి మనకి ఒకే పనిలా కనిపిస్తుంది గానీ నిజానికి రెండు పనులు, ఇక్కడ కట్ అవ్వడం ఒకటి, అక్కడ పడటం ఇంకోటి. ఈ రెండింటి మధ్యలో ఎక్కడ ఆగింది అన్నదాన్ని బట్టే మెసేజ్ మారాలి.

ఆగిపోయినప్పుడు యాప్‌కి ఒక కోడ్ వస్తుంది. Z9 అంటే అకౌంట్లో సరిపడా డబ్బుల్లేవు, ZM అంటే పిన్ తప్పు, Z6 అంటే పిన్ చాలాసార్లు తప్పు కొట్టారు, U68 అంటే జమ చెయ్యాల్సిన బ్యాంక్ నుంచి టైంకి జవాబు రాలేదు, ఇలా చాలా ఉన్నాయి. చాలా టీముల్లో జరిగేది ఏంటంటే, కోడ్ల లిస్టు ఒకటి ఎక్సెల్‌లో పెట్టి, పక్కన ఇంగ్లీషులో ఒక లైను రాసి, ఆ లైన్లని మాత్రమే తెలుగు చేసేవాళ్ళకి పంపిస్తారు. ఆ మనిషికి కనిపించేది "డిక్లైన్డ్" అన్న మాటొక్కటే, ఎవరు డిక్లైన్ చేశారు, అప్పటికి డబ్బులు కట్ అయ్యాయా, యూజర్ మళ్ళీ నొక్కొచ్చా అనేది ఏదీ తెలీదు కాబట్టి "తిరస్కరించబడింది" అని రాసి పంపేస్తాడు, ఇంకేం చెయ్యగలడు పాపం. తప్పు అతనిది కాదు.

నా ఉద్దేశంలో ఆ ఎక్సెల్‌లో ఇంకో మూడు కాలమ్స్ లేకుండా ఒక్క మెసేజ్ కూడా రాయకూడదు. ఒకటి, ఈ కోడ్ వచ్చేసరికి డబ్బులు ఎక్కడున్నాయి. రెండు, దీన్ని సరిచెయ్యగలిగేది ఎవరు, యూజరా బ్యాంకా. మూడు, ఇప్పుడే మళ్ళీ నొక్కితే మంచిదా ప్రమాదమా. ఈ మూడూ నింపాలంటే కోడ్ రాసేవాళ్ళనీ బ్యాంకుతో మాట్లాడే టీంనీ కూర్చోబెట్టాలి, అది విసుగు పనే, కానీ నింపాక చూస్తే అన్ని కోడ్లూ కలిపి మూడు గుంపుల్లో సర్దుకుంటాయి: డబ్బులు కదల్లేదు, డబ్బులు ఇక్కడ కట్ అయ్యాయి కానీ అక్కడ పడ్డాయో లేదో తెలీదు, డబ్బులు కట్ అయ్యాయి కానీ వెనక్కి వస్తున్నాయి. (ఇక్కడ కట్ అయ్యాయో లేదో కూడా తెలియనివి కొన్ని ఉంటాయి, మన బ్యాంకే జవాబివ్వనప్పుడు, వాటిని రెండో గుంపులోనే పెట్టి "కట్ అయి ఉండొచ్చు" అనాలి.) యూజర్‌కి కావాల్సింది ఈ గుంపు, కోడ్ కాదు. కోడ్ కస్టమర్ కేర్ వాళ్ళకి కావాలి, కాబట్టి దాన్ని కింద చిన్నక్షరాల్లో పెడితే చాలు, హెడ్డింగులో వద్దు.

ఇప్పుడు ఒక కేసు మొత్తం చూద్దాం, అన్నిటికంటే కష్టమైనది. టిఫిన్ సెంటర్లో 140 రూపాయలు కట్టాలి. పిన్ కొట్టారు, మీ బ్యాంక్ 140 కట్ చేసింది, బ్యాంక్ నుంచి ఎస్ఎంఎస్ కూడా వచ్చేసింది. అవతలి బ్యాంక్ మాత్రం జవాబు చెప్పట్లేదు, టైం అయిపోయింది, U68. కౌంటర్లో స్పీకర్ మోగలేదు, ఓనర్ మీ వంక చూస్తున్నాడు. యాప్‌లో వచ్చిన మెసేజ్ ఇదనుకోండి:

"లావాదేవీ పెండింగ్‌లో ఉంది. సాంకేతిక కారణాల వల్ల మీ అభ్యర్థన పూర్తి చేయబడలేదు. దయచేసి కొంత సమయం తర్వాత మళ్ళీ ప్రయత్నించండి."

దీంట్లో మూడో వాక్యం ప్రమాదం. డబ్బులు కట్ అయిపోయాయి, బహుశా అవతల పడి కూడా ఉంటాయి, జవాబు మాత్రమే రాలేదు. అలాంటప్పుడు మళ్ళీ ప్రయత్నించమనడం అంటే రెండోసారి కట్టమనడమే. మొదటి రెండు వాక్యాల్లో అబద్ధమేం లేదు గానీ వాటితో మనిషి చెయ్యగలిగింది కూడా ఏం లేదు, "అభ్యర్థన" అనే మాట టిఫిన్ సెంటర్లో నిలబడ్డ ఏ ఒక్కరి నోటా రాదు. పైగా చేతిలో ఉన్న ఎస్ఎంఎస్ కట్ అయ్యాయంటోంది, యాప్ పూర్తి కాలేదంటోంది, రెండింట్లో దేన్ని నమ్మాలి?

మొదటి మార్పుగా డబ్బుల సంగతి ముందుకి తెద్దాం. "మీ అకౌంట్లో ₹140 కట్ అయ్యాయి." ఎస్ఎంఎస్‌తో సరిపోయింది కాబట్టి యాప్ మీద నమ్మకం నిలబడుతుంది. తర్వాత తెలియనిది తెలియదనే చెప్పాలి, "షాపుకి చేరాయో లేదో బ్యాంక్ ఇంకా చెప్పలేదు." ఇక్కడ చాలామంది భయపడతారు, తెలీదని చెప్తే యాప్ చులకనవుతుందని. కాదు, తెలిసినట్టు "ఫెయిల్" అని చెప్పి పది నిమిషాల తర్వాత "సక్సెస్" అని మార్చినప్పుడే యాప్ చులకనవుతుంది, అప్పటికి మనిషి చేతి డబ్బులు కూడా ఇచ్చి వెళ్ళిపోయి ఉంటాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలి, "ఇప్పుడే మళ్ళీ కట్టకండి, రెండుసార్లు కట్ అవ్వొచ్చు." చివరికి ఇది ఎప్పటికి తేలుతుంది.

ఆ ఎప్పటికి అన్నదానికి ఊహ అక్కర్లేదు, రూల్ ఉంది. 2019 సెప్టెంబర్ 20న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం మనిషి నుంచి మనిషికి పంపిన యూపీఐ డబ్బులు ఇక్కడ కట్ అయి అక్కడ పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, షాపుకి కట్టినవైతే 5 రోజుల్లోపు రావాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున కస్టమర్‌కి ఇవ్వాలి. ఆ రోజులు క్యాలెండర్ రోజులే, బ్యాంక్ సెలవులు తీసేసి లెక్కపెట్టేవి కాదు. కట్టింది షాపు క్యూఆర్‌కా మామూలు మనిషి నంబర్‌కా అనేది యాప్‌కి తెలుసు, ఈ రోజు తారీఖు కూడా తెలుసు, మరి "3-5 పని దినాల్లో" అని రాయాల్సిన అవసరమేముంది, నేరుగా తారీఖే వెయ్యొచ్చు. 12వ తారీఖున టిఫిన్ సెంటర్లో ఆగితే 17, అదే ఫ్రెండ్‌కి పంపిస్తే 13.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది:

"₹140 కట్ అయ్యాయి, షాపుకి చేరాయో లేదో ఇంకా తెలీదు.
ఇప్పుడే మళ్ళీ కట్టకండి, రెండుసార్లు కట్ అవ్వొచ్చు.
షాపుకి చేరకపోతే 17వ తారీఖులోపు మీ అకౌంట్‌కే వెనక్కి వస్తాయి. తేలగానే మెసేజ్ పంపిస్తాం."

బటన్ విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే పై మాటలన్నీ ఎంత బాగా రాసినా కింద పెద్దగా "మళ్ళీ ప్రయత్నించు" అని బటన్ ఉంటే మనిషి చదివేది బటన్నే. ఈ స్క్రీన్‌లో ఆ బటన్ ఉండకూడదు. "ఇప్పుడెలా ఉందో చూడు" అని ఒకటి, "షాపు వాళ్ళకి చూపించు" అని ఇంకోటి పెట్టొచ్చు, రెండోది నొక్కితే టైం, మొత్తం, 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్ పెద్దగా కనిపించాలి. ఓనర్‌కి కావాల్సింది కూడా అదే కదా, పెండింగ్ స్క్రీన్‌ని సక్సెస్ అని చూపించి వెళ్ళిపోతున్నాడేమో అన్న అనుమానం ఆయనకీ ఉంటుంది, అందుకే ఆ స్క్రీన్ మీద "ఇది పేమెంట్ అయినట్టు రుజువు కాదు" అన్న లైను కూడా ఉండాలి, కస్టమర్‌కి నచ్చకపోయినా సరే. అప్పటికప్పుడు లెక్క తెగాలంటే ఏం చెయ్యాలన్నది ఏ మెసేజూ తేల్చలేదు, అది ఆ ఇద్దరూ మాట్లాడుకోవాల్సిందే.

ఇక తెలుగులో రాసేటప్పుడు మాత్రమే వచ్చే ఒక చిక్కు ఉంది, ఇంగ్లీషు స్క్రీన్లు గీసేవాళ్ళకి ఇది తట్టదు. తెలుగు వాక్యంలో క్రియ చివర్లో ఉంటుంది, అవునా కాదా అనేది ఆ చివరి మాటలోనే తేలుతుంది. నోటిఫికేషన్లో ఒక లైనుకి మించి చోటుండదు, మిగతాది చుక్కలు పడిపోతుంది. "మీ అకౌంట్ నుంచి టిఫిన్ సెంటర్‌కి పంపిన ₹140 కట్…" దగ్గర తెగిందనుకోండి, అయ్యాయా, కాలేదా? సరిగ్గా కావాల్సిన ముక్కే పోయింది. పెద్దవాళ్ళ ఫోన్లలో ఫాంట్ సైజు పెంచి ఉంటుంది, వాళ్ళకి ఇంకా ముందే తెగిపోతుంది. అందుకే మొదటి వాక్యం నాలుగైదు మాటల్లో అయిపోవాలి, క్రియతో సహా. "₹140 కట్ కాలేదు." ఫుల్‌స్టాప్. షాపు పేరు, బ్యాంక్ పేరు, కారణం అన్నీ ఆ తర్వాతే. ఒత్తులూ గుడులూ ఉన్న అక్షరాలకి పైనా కిందా చోటు కావాలి కాబట్టి లైన్ ఎత్తు ఇంగ్లీషుకి పెట్టినంతే పెడితే కింది ఒత్తులు కోసుకుపోతాయి, అది కూడా ఫోన్లో ఫాంట్ పెద్దది చేసి చూసుకోవాలి.

ఇంకో చిక్కు, పేర్ల తర్వాత విభక్తి. మెసేజ్ టెంప్లేట్లో పేరు కోసం ఖాళీ పెట్టి పక్కన "కి" అని అతికిస్తారు. రవికి అయితే బాగుంటుంది, పేరు మారితే కొన్నిటికి కి, కొన్నిటికి కు రావాలి, పైగా బ్యాంక్ నుంచి వచ్చే పేరు దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటుంది, దాని పక్కన ఒంటరిగా ఒక "కి" వేలాడుతుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేనివాళ్ళకి అది వింతగా వినిపిస్తుంది. దీన్ని వ్యాకరణంతో గెలవడం కంటే పేరుని వాక్యంలోంచి బయటికి తీసెయ్యడం తేలిక:

```xml
<string name="pending_title">₹%1$s కట్ అయ్యాయి, షాపుకి చేరాయో లేదో ఇంకా తెలీదు.</string>
<string name="pending_warn">ఇప్పుడే మళ్ళీ కట్టకండి, రెండుసార్లు కట్ అవ్వొచ్చు.</string>
<string name="payee_label">ఎవరికి: %1$s</string>
<string name="debit_none">₹%1$s కట్ కాలేదు.</string>
```

"ఎవరికి: RAMESH K" అని విడి లైనులో పడితే ఏ పేరొచ్చినా ఇబ్బంది లేదు. ఇంకో సంగతి, పై వాక్యాల్ని ముక్కలు చేసి కోడ్‌లో అతికించొద్దు, "కట్" ఒక స్ట్రింగు, "కాలేదు" ఇంకో స్ట్రింగు పెట్టి కలపడం ఇంగ్లీషు టీములకి పొదుపుగా అనిపిస్తుంది గానీ తెలుగులో ఏ ముక్క ఎక్కడ కలిసినా వాక్యం విరుగుతుంది. మొత్తం వాక్యం ఒకే స్ట్రింగు.

డబ్బులు కదలని గుంపు తేలిక, కాబట్టి త్వరగా చెప్తా. "₹140 కట్ కాలేదు" అని మొదలుపెట్టి, కారణం ఒక ముక్క, చెయ్యాల్సింది ఒక ముక్క, ఇక్కడ మళ్ళీ కట్టే బటన్ పెట్టడం మంచిదే. ఒక్క పిన్ దగ్గర మాత్రం ఆగాలి. పిన్ తప్పు అని వచ్చినప్పుడు చాలామంది నిజంగా మర్చిపోయి కొట్టినవాళ్ళు కాదు, వేరే పిన్ కొట్టినవాళ్ళు. ఏటీఎం పిన్ ఒకటుంది, ఫోన్ లాక్ ఒకటుంది, యాప్ తెరవడానికి పెట్టుకున్నది ఇంకోటి, రెండు బ్యాంకులు లింక్ చేసుంటే రెండు యూపీఐ పిన్లు. "చెల్లని పిన్" అని చెప్తే మనిషి అదే నంబర్ని ఇంకొంచెం జాగ్రత్తగా, నెమ్మదిగా మళ్ళీ కొడతాడు, ఎందుకంటే ఏటీఎంలో అది పని చేస్తోంది, తప్పెలా అవుతుంది? ఆ తర్వాత ఇంకోసారి, అంతటితో బ్యాంక్ పిన్ బ్లాక్ చేసేస్తుంది. అందుకని ఇలా ఉండాలి: "₹140 కట్ కాలేదు. ఈ బ్యాంక్ యూపీఐ పిన్ ఇది కాదు. ఏటీఎం పిన్, ఫోన్ లాక్ ఇక్కడ పనిచెయ్యవు." పక్కన బ్యాంక్ పేరు, అకౌంట్ చివరి 4 అంకెలు. "పిన్ మర్చిపోయాను" అని బటన్. ఇంకా ఎన్నిసార్లు కొట్టొచ్చో బ్యాంక్ చెప్తే రాయండి, చెప్పకపోతే ఊహించి రాయొద్దు, బ్యాంక్‌కి బ్యాంక్‌కి తేడా ఉంటుంది.

బ్యాలెన్స్ చాలనప్పుడు ఇంకో జాగ్రత్త. ఆ స్క్రీన్ యూజర్ ఒక్కడే చూడడు, కౌంటర్ అవతల మనిషి, వెనక లైనులో ఉన్నవాళ్ళు కూడా చూస్తారు. ఎర్రటి పెద్ద అక్షరాల్లో "మీ ఖాతాలో డబ్బులు లేవు" అని పడితే నలుగురిలో తల తీసేసినట్టుంటుంది. హెడ్డింగ్ "₹140 కట్ కాలేదు" అనే ఉంచి, కింద మామూలు సైజులో "ఈ అకౌంట్లో సరిపోలేదు, వేరే అకౌంట్ నుంచి కట్టొచ్చు" అంటే విషయం పూర్తిగా తెలిసింది, పరువూ నిలబడింది.

నాకు అన్నిటికంటే బాధనిపించేది ఇంకోటి ఉంది. మెసేజ్‌లో ఏం చెయ్యాలో లేనప్పుడు జనం ఏం చేస్తారంటే గూగుల్‌లో ఆ యాప్ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబర్ వెతుకుతారు. అక్కడ మోసగాళ్ళు పెట్టిన దొంగ నంబర్లు కూడా కాచుకుని ఉంటాయి. ఫోన్ ఎత్తినవాడు మర్యాదగా తెలుగులోనే మాట్లాడి, రీఫండ్ పంపిస్తాం పిన్ కొట్టండి అంటాడు, లేదా స్క్రీన్ కనిపించే యాప్ ఒకటి ఎక్కించమంటాడు. 140 రూపాయల కోసం మొదలుపెట్టిన మనిషి అకౌంట్ మొత్తం ఊడ్చుకుపోతుంది. డబ్బులు వెనక్కి రావడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు, ఈ మాట ఎక్కడో హెల్ప్ పేజీలో కాదు, డబ్బులు కట్ అయ్యి తేలని ఆ స్క్రీన్ మీదే ఉండాలి, మనిషి కంగారులో ఉన్నది అప్పుడే కాబట్టి. "వెనక్కి రావడానికి పిన్ అడగరు. ఎవరైనా అడిగితే చెప్పకండి." దాని కిందే కంప్లైంట్ బటన్, నొక్కితే ఆ పేమెంట్ వివరాలన్నీ ముందే నిండి ఉన్న ఫారం తెరుచుకోవాలి, మళ్ళీ 12 అంకెలు చూసి కొట్టమనకూడదు. బయట నంబర్ వెతికే పనే తగలకుండా చెయ్యడం ఈ మెసేజ్ బాధ్యత అని నేను గట్టిగా అనుకుంటా.

రాశాక సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆఫీసులో పక్క సీటు వాళ్ళకి చూపించి అర్థమైందా అంటే అందరూ అయిందనే అంటారు, దానికి విలువ లేదు. ఆఫీసు బయట ఆటో డ్రైవర్‌కో, మీ ఇంట్లో పెద్దవాళ్ళకో స్క్రీన్ అయిదు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకుని, ఇప్పుడు మీ డబ్బులు ఎక్కడున్నాయండీ, ఇప్పుడేం చేస్తారు అని రెండే ప్రశ్నలు అడగండి. "షాపాయనకి వెళ్ళలేదు కదా, మళ్ళీ కొడతా" అన్నారంటే మెసేజ్ ఫెయిలైనట్టే, వాళ్ళు చదవలేదని విసుక్కోవడం కాదు, హెడ్డింగు మార్చాలి.

యాప్ రిలీజ్ అయ్యాక అయితే లాగ్స్‌లోనే కనిపిస్తుంది. పెండింగ్ మెసేజ్ పడ్డ రెండు మూడు నిమిషాల్లో అదే మనిషి, అదే షాపుకి, అదే మొత్తం మళ్ళీ కట్టినవి ఎన్ని ఉన్నాయో తీయండి. పాత మెసేజ్ ఉన్నప్పుడు ఎన్ని, కొత్తది పెట్టాక ఎన్ని, తెలుగులో ఎన్ని, ఇంగ్లీషులో ఎన్ని అని విడదీసి చూస్తే ఏ భాషలో మాట తప్పుదారి పట్టిస్తోందో బయటపడుతుంది. పిన్ మెసేజ్‌కైతే, మొదటిసారి తప్పు కొట్టాక ఎంతమంది "పిన్ మర్చిపోయాను" నొక్కారు, ఎంతమంది అదే స్క్రీన్‌లో బ్లాక్ అయ్యేదాకా వెళ్ళారు అని చూడాలి. బ్లాక్ అయ్యేవాళ్ళు తగ్గకపోతే ఏటీఎం పిన్ మాట ఇంకా పైకి జరపాలి, లేదా పిన్ కొట్టే స్క్రీన్‌కి వెళ్ళకముందే చెప్పాలి, ఎందుకంటే పిన్ కొట్టే ఆ పేజీ యాప్ వాళ్ళ చేతిలో ఉండదు, ఎన్‌పీసీఐ లైబ్రరీ నుంచి వస్తుంది, అక్కడ మాటలు మార్చే వీలు మనకి లేదు.